పాతిక పౌండ్ల మట్టితో పండగ వ్యాపారం

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్, ఫ్రిస్కో ఊళ్లలో కందిపప్పుకూ ఇడ్లీ రవ్వకూ కొరత లేదు. 1974లో చికాగోలో ఒక్క కొట్టుతో మొదలైన పటేల్ బ్రదర్స్ ఇప్పుడు అమెరికాలో చాలాచోట్ల కనిపిస్తుంది. అలాంటి సంస్థలు సరుకును కంటైనర్ల లెక్కన కొంటాయి. కొత్తగా వచ్చి, చేతిలో రెండు మూడు వేల డాలర్లు మాత్రమే ఉన్న కుటుంబం అదే పప్పును అదే ధరకు అమ్మి నిలబడలేదు. అయితే వినాయక చవితికి ముందు శనివారం పిల్లలను కూర్చోబెట్టి మట్టి వినాయకుణ్ణి చేయించడం పెద్ద కొట్టు చేసే పని కాదు. కొత్తవాళ్లకు చోటు దొరికేది అక్కడే.

ముందు వీసా సంగతి తేల్చుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారు సొంతంగా వ్యాపారం చేసుకోవచ్చు. హెచ్‌1బి మీద ఉన్నవారికి సాయంత్రాల్లో చేసే చిన్న వ్యాపారమైనా చిక్కే. హెచ్4 మీద ఉన్న భార్యకో భర్తకో పని అనుమతి పత్రం చేతికి వచ్చాకే ఇందులో దిగాలి.

ఇక మట్టి. కుమ్మరి పనివాళ్లకు సరుకులమ్మే దుకాణాల్లో తడిమట్టి 25 పౌండ్ల సంచుల్లో దొరుకుతుంది. జానెడు లోపు బొమ్మకు ఒక పౌండు చాలు. అంటే ఒక్క సంచితో పాతికమంది పిల్లల పని అవుతుంది. క్రాఫ్ట్ దుకాణాల్లో గాలికి ఆరే మట్టి పేరుతో అమ్మేవాటిలో కొన్ని నీళ్లలో కరగవు కాబట్టి, కొనే ముందు చిన్న ముద్ద ఎండబెట్టి బకెట్‌లో వేసి చూడాలి.

బొమ్మ పగిలిందంటే చాలావరకు రెండే కారణాలు. పొట్ట మందంగా ఉండటం ఒకటి, ఏసీ గాలికో ఫ్యాను కిందో త్వరగా ఆరడం రెండోది. అడుగు నుంచి చెంచాతో మట్టి తోడి లోపల బోలు చేయాలి. పైన ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పి నాలుగైదు రోజులు నిదానంగా ఆరనివ్వాలి. అందుకే తరగతి పండగకు వారం ముందే పెట్టాలి. పూర్తిగా ఎండిన బొమ్మే నీళ్లలో తొందరగా విడిపోతుంది. లోపల తడి ఉన్నది మొండికేస్తుంది. అక్రిలిక్ రంగు పూస్తే అసలు కరగదు, పసుపూ కుంకుమా చాలు. కరిగిన మట్టిని సింకులో పోస్తే గొట్టాలు పూడుకుపోతాయని తల్లిదండ్రులకు ముందే చెప్పి పంపాలి.

పత్రి దగ్గర మరింత జాగ్రత్త కావాలి. టెక్సస్ లాన్లలో పెరిగే బెర్ముడా గడ్డే మన గరిక. కాకపోతే కలుపు మందు కొట్టని చోటు చూసి కోయాలి. దానిమ్మ ఆకులూ అక్కడ దొరుకుతాయి. గన్నేరు, ఉమ్మెత్త 21 పత్రాల్లో ఉన్నా విషపూరితాలు; పిల్లలకిచ్చే పొట్లంలో వాటిని పెట్టకూడదు. మారేడు కరివేపాకు లాగే నిమ్మ జాతి మొక్క. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు వీటి మీదా బతుకుతుంది. అందుకే ఇండియా నుంచి వచ్చేవాళ్ల పెట్టెలో ఈ తాజా ఆకులు తెప్పించుకోవడం నిషిద్ధం. పట్టుబడితే సరుకు పోవడమే కాదు, జరిమానా కూడా పడవచ్చు.

డబ్బు లెక్క ఒకసారి వేసి చూద్దాం. హాలుకు 100 డాలర్లు, రెండు సంచుల మట్టికి 60, అట్టలకూ పనిముట్లకూ 30 అనుకుంటే, ఎంతమంది వచ్చినా తప్పని ఖర్చు 190. ఒక్కో పిల్లకూ పత్రి, పూజ పొట్లానికి మరో 4. రుసుము 25 అయితే తలకు మిగిలేది 21. తొమ్మిది మంది వస్తే ఒక డాలరు నష్టం, పదో పిల్లతో ఒడ్డున పడతారు, ఇరవై మంది వస్తే 230 మిగులుతుంది. కాబట్టి పది కుటుంబాలు డబ్బు కట్టకముందు హాలు ఖాయం చేయకూడదు. తెలుగు బడి వేళలతో ఢీకొనకుండా చూసుకోవడమూ ముఖ్యమే. పూజ సామాను విడిగా అమ్మితే అమ్మకం పన్ను వసూలు చేసి కట్టాలి, డాలస్ ప్రాంతంలో అది సాధారణంగా 8.25 శాతం. అందుకు కావలసిన అనుమతి రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది.

ఆ పది కుటుంబాలే దసరాకు చేగోడీలు, సంక్రాంతికి అరిసెలు అడుగుతాయి. టెక్సస్ చట్టం ఇలాంటి పిండివంటలను ఇంటి వంటగదిలోనే చేసి అమ్మనిస్తుంది. ఆహార శుభ్రత మీద చిన్న కోర్సు పూర్తి చేయాలి. పొట్లం మీద అలర్జీ కలిగించే పదార్థాలు రాయాలి. 2023 నుంచి అమెరికాలో నువ్వులూ ఆ జాబితాలో చేరాయి కాబట్టి అరిసెల పొట్లం మీద నువ్వుల పేరూ, నెయ్యి వాడితే పాల పేరూ తప్పనిసరి. న్యూజెర్సీలో ఉన్న అక్కయ్యకు రెండు కిలోలు పంపమని ఎవరైనా అడిగితే మాత్రం ఒప్పుకోకూడదు. ఇంటి వంట అమ్మకాలకు ఆ చట్టమిచ్చిన వెసులుబాటు టెక్సస్ సరిహద్దు వరకే.