నెలవారీ క్యారేజీకి ధర కట్టేదెలా?

మాదాపూర్ ఆఫీసులకు రోజూ 40 క్యారేజీలు పంపే ఇంటి వంటగది ఒకటి ఉందనుకుందాం. అన్నం, పప్పు, కూర, పెరుగుకు మనిషికి 45 రూపాయలు, గ్యాస్‌కు 5, వృథాకు మరో 5 అవుతాయి. సహాయకురాలికి, డెలివరీ అబ్బాయికి కలిపి నెలకు 22,000 ఇవ్వాలి. వండే ఇల్లాలి కష్టానికి 17,600 వేయాలి. చాలామంది ఈ లెక్కే మరిచిపోతారు, అది అన్యాయం. 22 పనిదినాల్లో 880 భోజనాలు కాబట్టి జీతాల భారం ఒక్కోదానికి 45. మొత్తం 100, నెలకు 2,200. ఇది లాభం కలపని ధర.

ఖాతాదారులు 30కి తగ్గినా జీతాలు తగ్గవు. అప్పుడు భోజనం 115 పడుతుంది. అందుకే ముందురోజే సెలవు చెప్పినవారికి సరుకుల 45 మాత్రమే తిరిగివ్వండి, వంద కాదు.