ప్యాకెట్ వెనుక చిన్న అక్షరాలు

మన దేశంలో అమ్మే బిస్కెట్లు, చిప్స్, ప్రొటీన్ బార్‌ల ప్యాకెట్ మీద రెండు విషయాలు తప్పనిసరిగా ఉండాలి. ఒకటి, ఏమేం వేసి తయారు చేశారో చెప్పే పదార్థాల జాబితా. రెండోది, శక్తి, ప్రొటీన్, పిండి పదార్థాలు, చక్కెర, కొవ్వు, సోడియం ఎంతెంత ఉన్నాయో చెప్పే పోషక విలువల పట్టిక. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనలు వీటి రూపురేఖలను నిర్ణయించాయి. ప్యాకెట్ ముందు వైపు సంగతి వేరు. గోధుమ వెన్నులు, తేనె చుక్కలు, పరుగెత్తే మనిషి బొమ్మ, పెద్ద అక్షరాల్లో ‘ఓట్స్’ అన్న మాట, ఇవన్నీ సరుకు అమ్ముకోవడానికి వేసుకున్నవి. అందులో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ ఏ నిజాన్ని పెద్దగా చెప్పాలో, దేన్ని వెనక్కి నెట్టాలో కంపెనీ చేతిలోనే ఉంటుంది.

లేబుల్ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చట్టానికి సరిపోతుంది. తెలుగులో వేయడం కంపెనీ ఇష్టం. కాబట్టి తెలుగు పాఠకులు వెతుక్కోవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘ఇంగ్రీడియెంట్స్’ అంటే పదార్థాల జాబితా. ‘సర్వింగ్’ అంటే ఒకసారి తినే మోతాదుగా కంపెనీ అనుకున్న పరిమాణం. ‘టోటల్ షుగర్స్’ మొత్తం చక్కెర, ‘యాడెడ్ షుగర్స్’ తయారీలో కలిపిన చక్కెర. ‘శాచురేటెడ్ ఫ్యాట్’ సంతృప్త కొవ్వు.

మొదట చదవవలసింది పట్టిక కాదు, పదార్థాల జాబితా. తయారీలో వాడిన బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు ఆ పేర్లను వరుసగా రాయాలని నియమం. మొదటి మూడు నాలుగు పేర్లే ఆ తిండి అసలు స్వరూపం. దీన్ని ఒక ఉదాహరణతో చూడవచ్చు. బజారులో దొరికే రకాలను పోలిన ఒక ‘ఓట్స్ డైజెస్టివ్’ బిస్కెట్ ఉందనుకుందాం. జాబితా ఇలా సాగుతుంది: మైదా 38 శాతం, పామాయిల్, గోధుమ పిండి 18 శాతం, చక్కెర, గోధుమ పొట్టు 5 శాతం, ఇన్వర్ట్ సిరప్, ఓట్స్ 2 శాతం, లిక్విడ్ గ్లూకోజ్, ఉప్పు, పొంగడానికి వేసే పొడులు.

ఈ వరుస చాలా సంగతులు బయటపెడుతుంది. ముందువైపు పేరులో ఉన్న ఓట్స్ వందలో రెండు పాళ్లే. పేరులోనో బొమ్మలోనో ప్రత్యేకంగా చూపిన పదార్థం ఎంత శాతం ఉందో వెనుక రాయాలన్న నియమం ఉంది కాబట్టే ఈ అంకె తెలిసింది. పామాయిల్‌కు శాతం ఇవ్వలేదు. అయినా అది 38కీ 18కీ మధ్య ఉన్నందున గోధుమ పిండికి తక్కువ కాదని తేలిపోతుంది. ఓట్స్ తరువాత వచ్చినవేవీ రెండు శాతానికి మించవు. అంకెలు లేనిచోట కూడా రెండు అంకెల మధ్య చోటును బట్టి అంచనా కట్టవచ్చన్నమాట. ఇక ‘డైజెస్టివ్’ అన్న మాట 19వ శతాబ్దపు బ్రిటన్ నుంచి వచ్చింది. వంటసోడా జీర్ణానికి మంచిదన్న అప్పటి నమ్మకమే ఆ పేరుకు మూలం. ఈ బిస్కెట్ తింటే అరుగుదల బాగుంటుందన్న హామీ ఆ పేరులో లేదు.

చక్కెర విషయంలో ఒక మెలిక ఉంది. పై జాబితాలో చక్కెర నాలుగో స్థానంలో ఉంది, ఇన్వర్ట్ సిరప్ ఆరో స్థానంలో, లిక్విడ్ గ్లూకోజ్ ఎనిమిదో స్థానంలో ఉన్నాయి. మూడూ తీపి కోసం వేసినవే. ఒకే పేరుతో వేస్తే పైకి ఎక్కే చక్కెర, మూడు పేర్లుగా విడిపోయేసరికి కిందికి జారుతుంది. డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, కార్న్ సిరప్, తేనె, బెల్లం కూడా ఈ కుటుంబంలోవే. బెల్లంతో చేశామని గొప్పగా రాసిన బిస్కెట్‌లోనూ శరీరానికి చేరేది ప్రధానంగా చక్కెరే. ఇన్ని పేర్లూ గుర్తుపెట్టుకోవడం కష్టమైతే పట్టికలో ‘యాడెడ్ షుగర్స్’ వరుస చూస్తే చాలు. పేర్లు ఎన్నిగా చీలినా అక్కడ ఒకే అంకెగా కలుస్తాయి.

ఇప్పుడు పట్టిక. అదే బిస్కెట్ వంద గ్రాముల్లో 475 కెలొరీలు, 20 గ్రాముల కొవ్వు, అందులో 9.5 గ్రాముల సంతృప్త కొవ్వు, 14 గ్రాముల కలిపిన చక్కెర, 6 గ్రాముల పీచు ఉన్నాయనుకుందాం. పక్క నిలువు వరుసలో ‘ఒక సర్వింగ్’ లెక్క ఉంటుంది. ఇక్కడ సర్వింగ్ అంటే రెండు బిస్కెట్లు, 15 గ్రాములు. ఆ లెక్కన సంతృప్త కొవ్వు 1.4 గ్రాములే, రోజువారీ పరిమితిలో 6 శాతం. చక్కెర 2 గ్రాముల పైచిలుకు, 4 శాతం. చూడగానే భయపడవలసింది ఏమీ లేదనిపిస్తుంది.

కానీ టీలో ముంచుకుని రెండే రెండు బిస్కెట్లతో ఆగేవారు ఎందరు? ఉదయం మూడు, సాయంత్రం మూడు తిన్నా 45 గ్రాములవుతుంది. దాదాపు 214 కెలొరీలు, 4.3 గ్రాముల సంతృప్త కొవ్వు, అంటే రోజు పరిమితిలో ఐదోవంతు టీతోనే అయిపోయింది. భోజనం, టిఫిను, కూర పోపులో నూనె ఇంకా లెక్కలోకి రానే లేదు. ఆ శాతాలు కూడా రోజుకు 2000 కెలొరీలు తినే పెద్దవారి కోసం కట్టినవి. అందులో సంతృప్త కొవ్వుకు పరిమితి 22 గ్రాములు, కలిపిన చక్కెరకు 50 గ్రాములు, సోడియానికి 2000 మిల్లీగ్రాములు. ఆరేళ్ల పిల్ల తింటే అదే బిస్కెట్ ఇంకా పెద్ద వాటా అవుతుంది. అందుకే సర్వింగ్ నిలువు వరుసను పక్కన పెట్టి వంద గ్రాముల వరుసతోనే రెండు ప్యాకెట్లను పోల్చాలి. తరువాత ఇంట్లో నిజంగా ఎన్ని తింటారో ఆ బరువుతో హెచ్చవేసుకోవాలి. సోడియం అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో వస్తుంది.

ఈ బిస్కెట్ మీద ‘హై ఫైబర్’ అని రాసుకోవడానికి అడ్డేమీ లేదు. వంద గ్రాములకు 6 గ్రాముల పీచు ఉంటే ఆ మాట వాడుకోవచ్చని 2018 నాటి ప్రకటనల నిబంధనలే చెబుతున్నాయి. మాట నిజమే, కానీ ఆరు బిస్కెట్ల నుంచి వచ్చే పీచు 2.7 గ్రాములు. ఒక మాదిరి జామకాయలో అంతకు కనీసం రెట్టింపు ఉంటుంది, పామాయిల్ ఉండదు. ‘జీరో ట్రాన్స్ ఫ్యాట్’ కూడా ఇలాంటిదే. ట్రాన్స్ కొవ్వు లేకపోవడం మంచి విషయమే. అయితే దాని స్థానంలోకి తరచుగా వచ్చేది పామాయిల్, దాని కొవ్వులో సగం దాకా సంతృప్త కొవ్వే. ఏది లేదో ముందువైపు చెబుతుంది, దాని బదులు ఏముందో వెనుక చూడాలి.

ప్రొటీన్ బార్ దగ్గర మోసపోవడం ఇంకా తేలిక, ఎందుకంటే కొనేవారికి అది తిండిలా కాక మందులా కనిపిస్తుంది. యాభై గ్రాముల బార్ మీద ‘10 గ్రాముల ప్రొటీన్’ అని పెద్దగా ఉందనుకుందాం. పట్టికలో శక్తి 210 కెలొరీలు, కొవ్వు 9 గ్రాములు, పిండి పదార్థాలు 22 గ్రాములు. ప్రొటీన్ గ్రాముకు 4 కెలొరీలు ఇస్తుంది కాబట్టి 10 గ్రాముల నుంచి వచ్చేది 40. మిగతా 170 కెలొరీలూ కొవ్వు నుంచి, పిండి పదార్థాల నుంచి వచ్చినవే. అంటే శక్తి లెక్కన ఇందులో ప్రొటీన్ ఐదోవంతుకు తక్కువే. ప్రొటీన్ గ్రాములను నాలుగుతో హెచ్చించి మొత్తం కెలొరీలతో పోల్చే ఈ చిన్న లెక్క ఏ బార్‌నైనా తూచగలదు. పెద్దవారికి రోజుకు కావలసిన ప్రొటీన్‌లో పదోవంతు వంద గ్రాముల్లో ఉంటే చాలు, ‘ప్రొటీన్ లభించే ఆహారం’ అనుకోవచ్చు. ఆ రోజువారీ అవసరం పురుషుడికి 54 గ్రాములని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. అందులో పదోవంతు ఐదున్నర గ్రాములకు మించదు. మామూలు గోధుమ పిండిలోనే వంద గ్రాములకు పది గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది. దీన్నిబట్టి ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది.

అదే యాభై గ్రాముల వేయించిన శనగలు తీసుకుంటే ప్రొటీన్ సుమారు 10 గ్రాములు, కెలొరీలు బార్ కంటే కాస్త తక్కువ, పైగా పీచు దండిగా ఉంటుంది. రెండు ఉడికించిన గుడ్లలో ప్రొటీన్ 12 గ్రాముల పైనే, కెలొరీలు 150 ప్రాంతంలో. బార్‌లో ఉన్న ప్రొటీన్ ఏ రకమో కూడా జాబితాలో చూడాలి. పాల నుంచి తీసిన వే ప్రొటీన్, సోయా ప్రొటీన్ మంచి రకాలు. కొల్లాజెన్, జెలటిన్ కూడా గ్రాముల లెక్కలో ప్రొటీన్‌గానే చేరతాయి, కానీ శరీరానికి తప్పనిసరి అయిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం వాటిలో ఉండదు. ప్రయాణంలో, వేరే తిండి దొరకనిచోట బార్ పనికొస్తుంది. రోజూ కొనే వస్తువుగా దానికి ఇచ్చే డబ్బు ఎక్కువ.

చివరగా ‘షుగర్ ఫ్రీ’. మధుమేహం ఉన్నవారి ఇళ్లలో ఈ మాటను నమ్మి కొంటారు కాబట్టి దీన్ని జాగ్రత్తగా చదవాలి. వంద గ్రాముల్లో అర గ్రాముకు మించి చక్కెర లేకపోతే ఆ మాట రాయవచ్చు. మైదాకు ఆ నియమం వర్తించదు. చక్కెర తీసేసిన బిస్కెట్‌లోనూ వంద గ్రాములకు 65 గ్రాముల పిండి పదార్థాలు ఉండవచ్చు. మైదా పిండి అరిగి గ్లూకోజ్‌గానే రక్తంలోకి చేరుతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ అనేది మరొకటి. పిండిని చిన్న ముక్కలుగా విడగొట్టి చేసే పొడి అది. పట్టికలో చక్కెర వరుసలో కనిపించదు, పిండి పదార్థాల్లో కలిసిపోతుంది, రక్తంలో చక్కెరను మాత్రం వేగంగా పెంచుతుంది. తీపికి వాడే మాల్టిటాల్ ప్రభావం అంతకన్నా తక్కువే గానీ సున్నా కాదు, గ్రాముకు రెండు కెలొరీలు ఇస్తుంది. ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చన్న హెచ్చరిక అలాంటి ప్యాకెట్ల మీద అచ్చై ఉంటుంది. ఖర్జూరం గుజ్జుతో తీపి చేసిన బార్‌లో ‘కలిపిన చక్కెర’ సున్నా అని ఉన్నా, పై వరుసలోని మొత్తం చక్కెర 30 గ్రాములు దాటవచ్చు.

మధుమేహం ఉన్నవారు చూడవలసింది చక్కెర వరుసను కాదు, దాని పైనున్న ‘కార్బోహైడ్రేట్’ వరుసను. అక్కడ 65 ఉన్న బిస్కెట్ నాలుగు తింటే, ఒక్కొక్కటి ఏడున్నర గ్రాముల బరువనుకున్నా, ఇరవై గ్రాములకు దగ్గరగా పిండి పదార్థం లోపలికి వెళ్లినట్టే. ప్యాకెట్ మీద ‘షుగర్ ఫ్రీ’ అని ఉన్నా దాన్ని భోజనపు లెక్కలో వేసుకోవాలి.