పత్రికా ప్రకటన అనువాదం: 'వరకు' అనే మాట ఎక్కడికి పోయింది?

కంపెనీ పత్రికా ప్రకటనలో అంకెలు సరిగా దించడం కష్టం కాదు. ఆ అంకెలకు హద్దు గీసే చిన్న మాటలే అనువాదంలో జారిపోతుంటాయి. ఈ భాగంలో అభ్యాసం కోసం నేను కల్పించిన ఒక్క వాక్యాన్ని తీసుకుని అది ఎలా జరుగుతుందో చూద్దాం.

ఒక మందుల కంపెనీ మన జిల్లాలో తయారీ యూనిట్ పెట్టే విషయమై ఇంగ్లీషులో ప్రకటన ఇచ్చిందనుకోండి. అందులోని ముఖ్య వాక్యంలో ఈ సంగతులున్నాయి: కంపెనీ 500 కోట్ల రూపాయల 'వరకు' పెట్టుబడి పెట్టాలని 'అనుకుంటోంది', అది 'ఐదేళ్లలో', అదీ 'ప్రభుత్వ అనుమతులకు లోబడి', దీనివల్ల 'ప్రత్యక్షంగా, పరోక్షంగా' 'సుమారు' 2,000 ఉద్యోగాలు వస్తాయని 'అంచనా'.

దీనికి సాధారణంగా రెండు రకాల అనువాదాలు వస్తాయి. మొదటిది ఇలా ఉంటుంది:

"500 కోట్ల పెట్టుబడితో యూనిట్ నెలకొల్పి 2,000 మందికి ఉద్యోగాలు కల్పించనున్న కంపెనీ."

చదవడానికి హాయిగానే ఉంది. కానీ మూలంలో ఉన్న హద్దులన్నీ పోయాయి. 500 కోట్లు గరిష్ఠ పరిమితి. ఇక్కడ అది ఖాయమైన మొత్తం అయిపోయింది. ఆలోచన కాస్తా నిర్ణయమైంది. పరోక్ష ఉద్యోగాలంటే కంపెనీ జీతమివ్వనివి; వాటినీ కంపెనీయే కల్పిస్తున్నట్టయింది. ఈ వార్త చదివి యూనిట్ వచ్చే ఊరి పక్కన అప్పు చేసి స్థలం కొనేవాడు ఉంటాడు. ఉద్యోగం ఇప్పిస్తానన్న దళారికి డబ్బు కట్టేవాడూ ఉంటాడు. వాళ్లు చదివేది మీ తెలుగే, కంపెనీ ఇంగ్లీషు కాదు.

రెండో రకం దీనికి పూర్తిగా తలకిందులు:

"నియంత్రణాపరమైన ఆమోదాలకు లోబడి, ఐదు సంవత్సరాల కాలావధిలో రూ. 500 కోట్ల వరకు పెట్టుబడి పెట్టుటకు సంస్థ ఉద్దేశించుచున్నది మరియు తద్వారా సుమారు 2,000 ప్రత్యక్ష మరియు పరోక్ష ఉపాధి అవకాశాలు సృష్టించబడగలవని ఆశించబడుతున్నది."

ఇందులో ఏదీ పోలేదు. కానీ ఎవరికీ అందదు. ఇంకో చిక్కు కూడా ఉంది. 'ఆశించబడుతున్నది' అంటే ఎవరు ఆశిస్తున్నారు? ప్రభుత్వమా, కంపెనీయా? లెక్క వేసింది కంపెనీ అయితే ఆ మాట కంపెనీ నోటితోనే చెప్పించాలి. అసలు ఆశ వేరు, అంచనా వేరు.

ఇంగ్లీషు వాక్యం షరతులను ఒకదాని వెనక ఒకటి తగిలించుకుంటూ పోతుంది. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి అన్నిటినీ దాని ముందే పేర్చాల్సి వస్తుంది, పాఠకుడు మధ్యలోనే తప్పిపోతాడు. అందుకని వాక్యాన్ని విడగొట్టి, ప్రతి షరతునూ అది వర్తించే క్రియ పక్కకు తీసుకురండి:

"జిల్లాలో మందుల తయారీ యూనిట్ పెట్టాలనే ఆలోచనలో ఉన్నట్టు కంపెనీ తెలిపింది. ప్రభుత్వ అనుమతులు వస్తే ఐదేళ్లలో 500 కోట్ల రూపాయల వరకు పెట్టుబడి పెడతామని చెప్పింది. యూనిట్‌లో నేరుగా వచ్చేవి, దానివల్ల బయట వచ్చేవి కలిపి సుమారు 2,000 ఉద్యోగాలు ఉంటాయని కంపెనీ అంచనా."

ఇక్కడ 'పెట్టుబడి'ని అలాగే ఉంచాను. తేలిక కోసం 'ఖర్చు' అంటే అర్థం మారుతుంది. రోజువారీ నిర్వహణ ఖర్చు కూడా అందులో చేరిపోతుంది. అలాగే 'బయట వచ్చేవి' అన్నచోట లారీలు, క్యాంటీన్లు అని ఉదాహరణలు చేర్చాలని చెయ్యి లాగుతుంది. మూలంలో లేనివి చేర్చకండి. 'అనుమతులు' ఏవో తెలిస్తే పాఠకుడికి మేలు. మందుల యూనిట్‌కు కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి, ఔషధ నియంత్రణ అధికారుల లైసెన్సు కావాలి. అయినా ప్రకటనలో పేర్లు లేకపోతే కంపెనీని అడిగి, వాళ్లు చెబితేనే రాయాలి.

పడికట్టు మాటల సంగతికొస్తే, అవి వినసొంపుగా లేకపోవడం చిన్న తప్పే. అర్థాన్ని పక్కదారి పట్టించినప్పుడే ప్రమాదం. 'స్టేక్‌హోల్డర్లు' అన్నదానికి 'వాటాదారులు' అని రాస్తే షేర్లు కొన్నవాళ్లు మాత్రమే మిగులుతారు. మూలంలో కార్మికులు, సరుకు ఇచ్చేవాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా ఉండవచ్చు. 'సంబంధం ఉన్న అందరూ' అంటే చాలు. 'సొల్యూషన్లు' అని కనబడితే 'పరిష్కారాలు' అనే ముందు ఆ కంపెనీ అమ్మేది ఏమిటో చూడండి. మాత్రలైతే మాత్రలు అనే రాయండి.

కంపెనీ షేర్ మార్కెట్లో నమోదైనదైతే సరిచూసుకోవడానికి మరో దారి ఉంది. సెబీ 2015 నిబంధనల ప్రకారం ఇలాంటి ముఖ్యమైన విషయాలను కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలపాలి. ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో అవి అందరికీ కనబడతాయి. మీ తెలుగు ఆ ప్రకటన కంటే ఒక్క మాట ఎక్కువ చెప్పకూడదు.

చివరగా శీర్షిక చూడండి. లోపల జాగ్రత్తగా రాసినవాళ్లు కూడా చోటు చాలదని ఇక్కడ 'వరకు'ను కొట్టేస్తారు. "500 కోట్లతో మందుల యూనిట్" అనే బదులు "మందుల యూనిట్‌కు కంపెనీ ప్రతిపాదన" అని పెట్టి, అంకెను లోపలికి పంపండి.