ఉత్తరం సిద్ధం, పంపేది మాత్రం మీరే

డబ్బు అడగడానికి మొహమాటపడే ఫ్రీలాన్సర్ ఒక వారం ఆగుతాడు, రెండు వారాలు ఆగుతాడు. మూడో నెలలో విసుగు పుట్టి రాసే మెయిల్ ఎటూ ఘాటుగానే ఉంటుంది. ఆ ఘాటు చూసి అవతలివాళ్లు నొచ్చుకుంటారు. నిజానికి గడువు దాటిన నాలుగో రోజున రెండు ముక్కలు మర్యాదగా రాసి ఉంటే చాలా బిల్లులు అక్కడే తేలిపోయేవి. ఆ రెండు ముక్కలు రాయడమే మొహమాటస్తులకు గగనం.

ఈ చిక్కుకు కొందరు ఒక చిన్న స్క్రిప్టును మందుగా వాడుతున్నారు. బిల్లులన్నీ గూగుల్ షీట్‌లో ఉంటాయి. దానికి అనుబంధంగా ఉండే యాప్స్ స్క్రిప్ట్‌లో పాతిక ముప్పై వరుసల కోడ్ వారానికోసారి నడుస్తుంది. గడువు దాటినా డబ్బు రాని బిల్లులను ఒక జాబితాగా రాసి, ఒక్కోదానికి ఒక ఉత్తరం తయారుచేసి జీమెయిల్ డ్రాఫ్ట్స్‌లో పెట్టి ఊరుకుంటుంది. ఒక్కటి కూడా తనంతట తాను పంపదు. అంత చేసింది ఆ చివరి పని కూడా చేయొచ్చు కదా అనిపిస్తుంది. ఎందుకు చేయకూడదో ఒక ఉదాహరణతో చూద్దాం.

విజయవాడలో ఇంటి నుంచి పనిచేసే డిజైనర్ ఒకామె ఉందనుకుందాం. 2025 జూన్ 9, సోమవారం ఉదయం ఆమె షీట్‌లో నాలుగు బిల్లులు తేలాయి. హైదరాబాద్ ప్రచురణ సంస్థ ఒకటి 60,000 రూపాయల బిల్లుకు 54,000 వేసింది, 6,000 బాకీ కనిపిస్తోంది. బెంగళూరు కంపెనీ 35,000 ఇవ్వాలి, గడువు దాటి 30 రోజులైంది. ఊళ్లోని క్లినిక్ 12,000 ఇవ్వాలి, 40 రోజులైంది. కోచింగ్ సెంటర్ 18,000 ఇవ్వాలి, 34 రోజులైందని స్క్రిప్టు చెబుతోంది.

మొదటిదాన్నే తీసుకోండి. లెక్క ప్రకారం బాకీ ఉంది, కానీ ఆ సంస్థ ఎగ్గొట్టిందేమీ లేదు. వృత్తి సేవలకు ఒకే సంస్థ ఏడాదిలో ఇచ్చే మొత్తం 50,000 దాటితే పది శాతం టీడీఎస్ కోసుకుని మిగతాది ఇవ్వాలన్నది 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పరిమితి. 60,000లో పది శాతం 6,000. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ఆమె టీడీఎస్ గడి నింపలేదు. స్క్రిప్టు తానే పంపే రకమైతే, ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నును తనకిమ్మని అడిగిన ఉత్తరం ఈపాటికి అకౌంట్స్ విభాగం చేతిలో పడేది. మరి నిజంగానే 6,000 తగ్గించి ఇచ్చినవాళ్లుంటే? షీట్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏప్రిల్–జూన్ టీడీఎస్ వివరాలు దాఖలు చేయడానికి జూలై 31 దాకా గడువుంటుంది కాబట్టి ఫారం 26ఏఎస్‌లో ఆ మొత్తం అప్పటికి కనబడకపోవచ్చు. అప్పటిదాకా ఫోన్ చేసి కనుక్కోవడమే దారి.

క్లినిక్ సంగతి వేరు. డాక్టరుగారి తండ్రి కిందటి వారమే పోయారు. అది ఏ గడిలోనూ లేదు. ఆమెకు తెలుసు కాబట్టి ఆ డ్రాఫ్ట్ తీసేసి, ‘అప్పటిదాకా ఆపు’ అన్న గడిలో జూన్ 30 అని రాస్తుంది. ఆ తేదీ దాటాక క్లినిక్ మళ్లీ జాబితాలోకి దానంతట అదే వస్తుంది.

కోచింగ్ సెంటర్ దగ్గర తప్పు పూర్తిగా షీట్‌ది. ఆ బిల్లు గడువు జూన్ 5. ఆమె 05/06/2025 అని కొట్టింది. షీట్ సెట్టింగుల్లో దేశం అమెరికాగా ఉండిపోవడంతో అది మే 6 అయి కూర్చుంది. నాలుగు రోజుల ఆలస్యం 34 రోజులైంది, దానికి తగ్గట్టే ఉత్తరం గొంతు పెరిగింది. ఈ తప్పు పట్టుకోవడానికి ఒక గుర్తుంది. అదే షీట్‌లో 13/06/2025 లాంటి తేదీ కొట్టి చూడండి. పదమూడో నెల లేదు కాబట్టి షీట్ దాన్ని తేదీగా గుర్తించక మామూలు అక్షరాల్లా గడిలో ఎడమ వైపుకు జరుపుతుంది. అసలైన తేదీలు కుడి వైపున ఉంటాయి. ఎడమ వైపు ఒక్క తేదీ కనిపించినా దేశాన్ని ఇండియాగా మార్చి, అంతకుముందు కొట్టిన తేదీలన్నీ మళ్లీ సరిచూసుకోవాలి.

ఇక మిగిలింది బెంగళూరు కంపెనీ. ఆ డ్రాఫ్ట్‌లో బిల్లు నంబరు, మొత్తం, గడువు తేదీ సరిగ్గా ఉన్నాయి. ఆమె తెరిచి చదివి, ‘మరోసారి బిల్లు జత చేస్తున్నాను’ అని ఒక వాక్యం చేర్చి, ఫైలు తగిలించి పంపింది. నాలుగింటిలో ఉన్నది ఉన్నట్టుగా పంపదగింది ఒక్కటీ లేదు. అయినా స్క్రిప్టు దండగ కాలేదు. ఎవరిని, ఎంత, ఎన్నాళ్ల నుంచి అని వెతుక్కునే బాధ, మొదటి వాక్యం రాసే మొహమాటం రెండూ తప్పాయి.

స్క్రిప్టు గుండెకాయ ఇంతే:

```
const days = Math.floor((today - dueDate) / 86400000);
const left = amount - tds - received;
if (left > 0 && days > 0 && today > holdUntil) {
  const d = GmailApp.createDraft(email, subject, body);
  sheet.getRange(row, 9).setValue(d.getId());
}
```

మొదటి వరుసలోని పెద్ద అంకె ఒక రోజులో ఉండే మిల్లీసెకన్లు. రెండోది బాకీ లెక్క. గడువు దాటి, బాకీ ఉండి, ఆపమన్న తేదీ కూడా గడిస్తేనే డ్రాఫ్ట్ పుడుతుంది. చివరి వరుస ఆ డ్రాఫ్ట్ గుర్తింపు సంఖ్యను తొమ్మిదో గడిలో దాస్తుంది. ఇది చాలామంది వదిలేసే వరుస. వదిలేస్తే ప్రతి సోమవారం ఒకే బిల్లుకు కొత్త డ్రాఫ్ట్ చేరుతుంది, నెల తిరిగేసరికి ఏది తాజాదో తెలియదు. గుర్తింపు సంఖ్య ఉంటే, కొత్తది రాసేముందు పంపకుండా మిగిలిన పాతదాన్ని స్క్రిప్టు తీసేయగలదు. సోమవారం రాసిన డ్రాఫ్ట్‌ను గురువారం పంపేముందు మాత్రం బ్యాంకు ఖాతా ఒకసారి చూసుకోవాలి. ఈలోగా డబ్బు పడి ఉండొచ్చు.

వారానికోసారి నడిపే పని ఎడిటర్‌లోని ‘ట్రిగ్గర్స్’ చూసుకుంటుంది. సోమవారం, ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిది మధ్య అని పెడితే ఆ గంటలో ఏదో ఒక నిమిషంలో నడుస్తుంది. ప్రాజెక్టు టైమ్ జోన్ భారత కాలమానంలో ఉందో లేదో ముందే చూడాలి. జాబితా రాసే పేజీ పైన నడిచిన తేదీ కూడా రాయించాలి, బాకీలు లేకపోతే లేవని రాయించాలి. లేదంటే ఖాళీ పేజీ చూసి అందరూ ఇచ్చేశారనుకుంటాం. స్క్రిప్టు రెండు వారాలుగా ఆగిపోయి ఉండొచ్చు.

ఒక్క సంగతి మాత్రం గూగుల్ వైపు నుంచి అనుకూలంగా లేదు. పంపే హక్కు లేకుండా డ్రాఫ్ట్ మాత్రమే రాయడానికి వేరే అనుమతి అంటూ లేదు. మొదటిసారి నడిపినప్పుడు జీమెయిల్ అడిగే అనుమతిలోనే పంపే హక్కు కూడా కలిసి ఉంటుంది. అంటే పంపదన్న భరోసా కోడ్‌లో ఆ ఆదేశం లేకపోవడం వల్ల వచ్చిందే. కాబట్టి మరొకరు రాసిచ్చిన స్క్రిప్టు వాడేవారు అనుమతి నొక్కేముందు ఎడిటర్‌లో `send`, `reply`, `forward` అన్న మాటలు వెతికి చూడండి. వాటిలో ఏది కనిపించినా, అది ఏం చేస్తుందో రాసినవారిని అడిగి తెలుసుకున్నాకే నడపండి.