మీటరు నిండా లైట్లు, తప్పు మాత్రం చిన్న బ్యాటరీది

కూతురి దగ్గర ఆరు వారాలుండి అమెరికా నుంచి తిరిగొచ్చిన మా బాబాయి, సెల్లారులో ఉన్న హైబ్రిడ్ కారు బటన్ నొక్కి కంగారుపడ్డారు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు, స్టీరింగు, హైబ్రిడ్ సిస్టమ్... మీటరు నిండా హెచ్చరిక లైట్లే. READY అన్న అక్షరాలు మాత్రం రాలేదు. "పెద్ద బ్యాటరీ పోయిందిరా, లక్షల్లో ఖర్చు" అని అప్పుడే లెక్కలు వేసేస్తున్నారు.

ముందు చిన్న బ్యాటరీ చూద్దాం బాబాయ్, అన్నాను. మల్టీమీటరు పెడితే 11.4 వోల్టులు. నిండుగా ఉంటే 12.6 చూపాలి.

హైబ్రిడ్‌లో బ్యాటరీలు రెండు. బండిని నడిపే పెద్దది ఒకటి, మామూలు కార్లలో ఉండే పన్నెండు వోల్టులది ఒకటి. బండిలోని కంప్యూటర్లన్నీ మేలుకునేది ఈ చిన్నదానితోనే. పెద్ద బ్యాటరీని బండికి కలిపే రిలేలను మూయించేదీ ఇదే. కాబట్టి చిన్నది నీరసిస్తే పెద్దదాంట్లో ఎంత చార్జి ఉన్నా అక్కరకు రాదు. పైగా వోల్టేజి పడిపోయేసరికి కంప్యూటర్లు ఒకదానికొకటి జవాబివ్వలేక, తలా ఒక లోపం నమోదు చేస్తాయి. అందుకే అన్ని లైట్లు ఒక్కసారిగా వెలుగుతాయి. నిజంగా ఏదైనా భాగం చెడితే సాధారణంగా ఒకటో రెండో వెలుగుతాయి.

తాళం వేసి నిలిపిన బండి కూడా అలారానికీ, రిమోట్ తాళానికీ కాస్త కరెంటు తాగుతూనే ఉంటుంది. అది 30 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా, 42 రోజులకు 30 ఆంపియర్ అవర్లు. బాబాయి బ్యాటరీ కొత్తలోనే 45. ఇప్పుడు దాని వయసు నాలుగేళ్లు.

చార్జరు తగిలించి రాత్రంతా ఉంచాం. పొద్దున బటన్ నొక్కితే READY వచ్చింది. మీటరు పెడితే 14.1 వోల్టులు, అంటే పెద్ద బ్యాటరీ చిన్నదానికి చార్జి పంపుతోందన్నమాట. నాలుగు వీధులు తిరిగొచ్చేసరికి చాలా లైట్లు ఆరాయి. మిగిలిన రెంటినీ మెకానిక్ స్కానరుతో చెరిపితే మళ్లీ రాలేదు. వచ్చి ఉంటే, అది బ్యాటరీతో పోని అసలు లోపమని వెతకాల్సి వచ్చేది. అయినా మర్నాటి ఉదయానికి వోల్టేజి 12.1కి జారింది. చార్జి నిలవడం లేదు కనుక బ్యాటరీ మార్పించాం.

బండి వారాలపాటు కదలదంటే, వారానికోసారి READYలో ఓ గంట ఉంచమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. రేడియో పెట్టి కూర్చుంటే చార్జి ఎక్కదు, ఇంకా తగ్గుతుంది. ఇంజను దానంతటదే స్టార్టవుతుంది కాబట్టి సెల్లారులో కాకుండా ఆరుబయటే ఉంచాలి. స్మార్ట్ తాళంచెవిని బండికి దూరంగా పెట్టండి. జంపర్ వైర్లు వేసే ముందు ప్లస్, మైనస్ గుర్తులు రెండుసార్లు చూసుకోండి. అవి తారుమారైతే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది.