నాన్న ఫేస్‌బుక్ మూసేద్దామంటే... ముందు నకిలీని పట్టండి!

మీరు గదిలో మాక్ టెస్టు రాస్తున్నారు. నాన్న తలుపు దగ్గరికొచ్చి ఫోన్ మీ చేతిలో పెట్టి ‘ఈ ఫేస్‌బుక్కు తీసెయ్యి, నాకీ గొడవొద్దు’ అన్నారనుకోండి. రెండు నిమిషాల పనే కదా అని అక్కడికక్కడే డిలీట్ కొట్టేస్తారా? కొంచెం ఆగండి. మోసపు మెసేజ్‌ల తర్వాత ఖాతా మూయడం మంచి నిర్ణయమే కావచ్చు. కానీ దానికో వరస ఉంది. అది తప్పితే ఖాతా పోతుంది, మోసం మాత్రం సాగుతూనే ఉంటుంది.

ఇంట్లో చదువుకుంటూ ఉద్యోగానికి సిద్ధమవుతున్న పిల్లలకే ఇలాంటి పనులు అప్పజెబుతారు. కాబట్టి ఒక ఇంట్లో జరిగినట్టుగా, మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

మాస్టారి పేరుతో ఎనిమిది వేలు

ఆయన రిటైరైన హైస్కూలు లెక్కల మాస్టారు. వయసు 65. ఫేస్‌బుక్‌లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది పాత విద్యార్థులే. ఓ రాత్రి అందులో ఒకరు ఫోన్ చేశారు. ‘మాస్టారూ, ఇప్పుడు ఆరోగ్యం ఎలా ఉంది? డబ్బులు అందాయా?’ అని. ఏ డబ్బులు? మాస్టారి పేరు, మాస్టారి ఫొటోతోనే మెసెంజర్‌లో మెసేజ్ వచ్చిందట. ఆసుపత్రిలో ఉన్నాను, అర్జంటుగా ఎనిమిది వేలు కావాలి, రేపు ఇచ్చేస్తాను అని. ఆ అబ్బాయి అందులో ఇచ్చిన నంబరుకు యూపీఐలో పంపేశాడు.

మాస్టారికి నిద్రపట్టలేదు. తన పేరు చెప్పి ఎవరో తన పిల్లల దగ్గరే డబ్బు అడుగుతున్నారు. పొద్దున్నే కూతురి దగ్గరికొచ్చి ‘తీసెయ్యమ్మా’ అన్నారు. డిగ్రీ అయిపోయి బ్యాంకు పరీక్షలకు చదువుతున్న ఆ అమ్మాయి వెంటనే డిలీట్ నొక్కలేదు. ‘తీసేద్దాం నాన్నా. ముందు ఒక్కటి చూసుకుందాం. నీ ఖాతాలోకి ఎవరైనా దూరారా, లేక నీ పేరుతో ఇంకోటి తెరిచారా?’ అంది.

హ్యాకా? నకిలీయా?

అంతా ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది. రెండు చోట్ల చూస్తే తేలిపోతుంది.

మొదటిది, మెసెంజర్. ఆ డబ్బు మెసేజ్ మాస్టారి మెసెంజర్‌లో పంపినట్టు కనిపిస్తోందా? లేదు. రెండోది, ఖాతా ఏయే ఫోన్లలో తెరిచి ఉందో చూడటం. Settings లోకి వెళ్లి Accounts Center తెరిస్తే అందులో Password and security, దాని కింద Where you're logged in ఉంటుంది. అక్కడ మాస్టారి ఫోన్ ఒక్కటే ఉంది. తెలియని ఫోనో, ఎప్పుడూ వెళ్లని ఊరో కనిపిస్తే మాత్రం దాన్ని అక్కడే లాగౌట్ చేసి, వెంటనే పాస్‌వర్డ్ మార్చాలి.

అంటే ఇది హ్యాకింగ్ కాదు. ఎవరో మాస్టారి ప్రొఫైల్ ఫొటో తీసుకుని, అదే పేరుతో కొత్త ఖాతా తెరిచారు. ఆయన ఫ్రెండ్స్ జాబితా అందరికీ కనిపించేలా ఉండటంతో, అందులో ఉన్నవాళ్లకు వరసగా రిక్వెస్టులు పెట్టారు. దీనికి ఓటీపీ అక్కర్లేదు, లింకు నొక్కక్కర్లేదు. మాస్టారు ఏ పొరపాటూ చేయలేదు. ఈ మాట మీ నాన్నకు స్పష్టంగా చెప్పండి. పెద్దవాళ్లు ఇలాంటప్పుడు ‘నేనేదో నొక్కేశాను’ అని లోలోపల కుమిలిపోతారు. ఆ భయంతోనే అసలు విషయం దాస్తారు కూడా.

ఇప్పుడు ఆలోచించండి. మాస్టారి అసలు ఖాతా తీసేస్తే నకిలీ ఖాతా పోతుందా? పోదు. పైగా ఫలానా ఖాతా నకిలీ అని మిత్రులు రిపోర్ట్ చేసినప్పుడు, అసలు ఖాతా ఏదో చూపించమని ఫేస్‌బుక్ అడుగుతుంది. అది కాస్తా తీసేస్తే చూపించడానికేముంటుంది? అందుకే నకిలీ పని ముందు, మూసివేత తర్వాత.

మొదటి రోజు చేయాల్సినవి

డబ్బు పోయినచోట అన్నిటికంటే ముందు 1930కి ఫోన్ చేయాలి. ఇది సైబర్ ఆర్థిక మోసాల జాతీయ హెల్ప్‌లైన్. డబ్బు ఎవరిది పోయిందో వాళ్లే చేయడం మంచిది, ఎందుకంటే లావాదేవీ వివరాలు వాళ్ల దగ్గరే ఉంటాయి. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే 12 అంకెల యూటీఆర్ నంబరు కనిపిస్తుంది. దాన్ని దగ్గర పెట్టుకోవాలి. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి వేగంగా మార్చేస్తారు. ఈలోగా ఫిర్యాదు అందితేనే బ్యాంకులు ఆ సొమ్మును ఆపే వీలుంటుంది. ‘రేపు చూద్దాం’ అంటే ఆ వీలు తగ్గిపోతుంది. మాస్టారి అమ్మాయి ఆ విద్యార్థికి ఫోన్ చేసి మొదట ఈ పనే చేయించింది. ఫిర్యాదును cybercrime.gov.in లో కూడా నమోదు చేయొచ్చు.

తర్వాత ఆధారాలు. నకిలీ ప్రొఫైల్ మాస్టారి ఫోన్లో వెతికితే కనిపించలేదు. చాలాసార్లు ఇలాగే జరుగుతుంది. అసలు మనిషిని మోసగాడు ముందే బ్లాక్ చేసేస్తాడు. కనిపించలేదు కాబట్టి లేదనుకోకండి. మెసేజ్ అందుకున్నవాళ్ల ఫోన్లోంచి ఆ ప్రొఫైల్ లింకు కాపీ చేయించుకోండి. ప్రొఫైల్ పేజీకి, సంభాషణకు, డబ్బు పంపమన్న నంబరుకు స్క్రీన్‌షాట్లు తీయించండి. ఒకే పేరు, ఒకే ఫొటోతో ఎన్ని ఖాతాలైనా ఉండొచ్చు కానీ లింకు దేనికదే వేరుగా ఉంటుంది. అందుకే ఫిర్యాదులో పేరుకంటే లింకే ముఖ్యం.

ఆ తర్వాతే రిపోర్ట్. ముందే రిపోర్ట్ చేస్తే ఆ పేజీ మాయమై స్క్రీన్‌షాట్ దొరక్కపోవచ్చు. నకిలీ ప్రొఫైల్లో మూడు చుక్కలు నొక్కి Report profile ఎంచుకుని, మరొకరిలా నటిస్తున్నారన్న కారణం, అందులో స్నేహితుడి పేరు చూపిస్తే సరి. మాస్టారి అమ్మాయి నలుగురైదుగురు పాత విద్యార్థులతో ఈ పని చేయించింది.

చివరగా మాస్టారే తన అసలు ఖాతాలో నాలుగు మాటలు రాశారు. ‘నా పేరుతో డబ్బు అడుగుతున్నది నేను కాదు. నేను క్షేమం. ఎవరూ పంపకండి. అనుమానముంటే ఫోన్ చేయండి.’ ఇంకో ఆరుగురికి ఆ మెసేజ్ వచ్చిందని, వాళ్లు పంపబోతూ ఆగారని దాని కింద కామెంట్లలోనే తెలిసింది. తొందరపడి ఖాతా తీసేసి ఉంటే ఈ మాట చెప్పడానికి చోటే ఉండేది కాదు. అదే రోజు ఫ్రెండ్స్ జాబితాను ఇతరులకు కనిపించకుండా Only me కి మార్చేశారు.

డీయాక్టివేటా? డిలీటా?

రెండు మూడు రోజుల్లో నకిలీ ఖాతా పోయింది. అయినా మాస్టారు మాట మార్చుకోలేదు. ‘ఇక వద్దమ్మా’ అన్నారు. నిర్ణయం ఆయనది. మన పని తేడా చెప్పడం వరకే.

డీయాక్టివేట్ అంటే ఇంటికి తాళం వేసి ఊరెళ్లడం లాంటిది. ప్రొఫైల్ ఎవరికీ కనిపించదు, మళ్లీ లాగిన్ అయితే తిరిగొస్తుంది. మెసెంజర్ మాత్రం పనిచేస్తూనే ఉండొచ్చు. మోసపు మెసేజ్‌లు వస్తున్నది మెసెంజర్‌లోనే అయితే దీంతో లాభం తక్కువ. డిలీట్ అంటే ఇల్లు ఖాళీ చేయడం. మెసెంజర్ కూడా పోతుంది. అడిగిన రోజు నుంచి 30 రోజుల గడువుంటుంది. ఈలోగా లాగిన్ అయి రద్దు చేసుకోవచ్చు, ఆ తర్వాత తిరిగిరాదు. మొత్తం సమాచారం తొలగించడానికి 90 రోజుల దాకా పట్టవచ్చని ఫేస్‌బుక్ చెబుతోంది. ఇదివరకు ఇతరులకు పంపిన మెసేజ్‌లు మాత్రం వాళ్ల ఇన్‌బాక్సుల్లో అలాగే ఉంటాయి.

మాస్టారు ఇంకా రెండు అడిగారు. ‘వాట్సాప్ కూడా పోతుందా?’ పోదు, అది వేరే ఖాతా. ‘బ్యాంకుకేమైనా ఇబ్బందా?’ లేదు. అయితే ఏ యాప్‌లోకైనా ఫేస్‌బుక్‌తోనే లాగిన్ అవుతుంటే అది ఆగిపోతుంది. అలాంటివుంటే ముందే ఫోన్ నంబరుకో, మెయిల్‌కో మార్చుకోవాలి.

మూసేటప్పుడు

ముందు ఫొటోలు దాచుకోండి. Accounts Center లో Your information and permissions కింద Export your information ఉంటుంది. కొన్ని ఫోన్లలో దాన్నే Download your information అంటారు. అడిగిన కాసేపటికో, మర్నాటికో ఫైలు సిద్ధమవుతుంది. డౌన్‌లోడ్ చేశాక తెరిచి చూడండి. మాస్టారి ఫైల్లో పదవీ విరమణ సభ ఫొటోలున్నాయి. వాటికి ఇంకెక్కడా కాపీ లేదు.

తర్వాత ఫోన్ నంబరు చూడండి. ఖాతాకు పాత నంబరు ఉండి, దాన్ని ఎప్పుడో వదిలేసి ఉంటే అది ఇప్పుడు ఇంకొకరి చేతిలో ఉండొచ్చు. పాస్‌వర్డ్ మర్చిపోతే వచ్చే కోడ్ వాళ్లకే వెళ్తుంది. ఇప్పుడు వాడుతున్న నంబరు చేర్చి, పాతది తీసేయండి.

ఇక అసలు పని. Accounts Center లో Personal details, అందులో Account ownership and control, అందులో Deactivation or deletion. ఏ ఖాతానో ఎంచుకోమంటుంది. ఇన్‌స్టాగ్రామ్ కూడా కలిపి ఉంటే ఇక్కడే పొరపాటు పడతారు, జాగ్రత్తగా చూసి ఫేస్‌బుక్‌నే ఎంచుకోండి. తర్వాత Delete account, Continue. చివర్లో పాస్‌వర్డ్ అడుగుతుంది. ఫోన్లో భాష తెలుగులో ఉంటే ఈ పేర్లు తెలుగులో కనిపిస్తాయి, వరస మాత్రం ఇంతే.

ఒక్క జాగ్రత్త. పాస్‌వర్డ్ మార్చడానికి ఓటీపీ వస్తే ‘నాన్నా, నంబరెంతొచ్చింది?’ అని అడక్కండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఆయనకు చెప్పేది మనమే. మనకే చెప్పడం అలవాటైతే, రేపు ‘నేను మీ అబ్బాయి ఫ్రెండ్‌ని’ అని ఫోన్ చేసినవాడికీ చెబుతారు. మీరు పక్కన కూర్చోండి, టైప్ ఆయన్నే చేయనివ్వండి.

ఆ 30 రోజులు

ఈ నెలలో ‘మీ ఖాతా పోతోంది, ఆపాలంటే ఈ లింకు నొక్కండి’ అనో, ‘మీ విద్యార్థి డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అనో ఎవరైనా రావొచ్చు. రెండూ మోసమే. ఖాతా తీసేయమన్నది మనమే కాబట్టి ఆపాల్సిన పనేమీ లేదు. పోయిన డబ్బు సంగతి 1930 ఫిర్యాదు నంబరుతో పోలీసుల దగ్గర, బ్యాంకు దగ్గర మాత్రమే తేలాలి. ఫోన్లోంచి ఫేస్‌బుక్, మెసెంజర్ యాప్‌లు తీసేస్తే పొరపాటున మళ్లీ లాగిన్ అయ్యే బెడద కూడా ఉండదు.

మాస్టారు గోడ క్యాలెండర్‌లో ముప్పయ్యో రోజు చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు. అంతకుముందు ఒక పాత నోటుబుక్కు తీసి, ఫేస్‌బుక్‌లో ఉన్న విద్యార్థుల ఫోన్ నంబర్లు అడిగి ఒక్కొక్కటిగా రాసుకున్నారు. ఎనిమిది వేలు పోగొట్టుకున్న అబ్బాయి నంబరు మొదటి వరసలో ఉంది.