రెండు పైసల తేడాకు ఓ ఈమెయిలు

‘మీ సాఫ్ట్‌వేర్‌లో జీఎస్టీ తప్పు వస్తోంది, అర్జంటుగా చూడండి.’ ఇలా రాస్తే సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చే జవాబు దాదాపు ఒకటే: ‘మా దగ్గర బాగానే ఉంది, స్క్రీన్‌షాట్ పంపండి.’ వాళ్లనీ తప్పుపట్టలేం. ఏ బిల్లు, ఎంత తప్పు, ఏం చేస్తే వచ్చింది? ఉత్తరంలో ఒక్కటీ లేదు.

ఒక స్టేషనరీ హోల్‌సేల్ దుకాణాన్ని ఊహించుకుందాం. నెలాఖరున అకౌంటెంట్ చూస్తే, అచ్చయిన బిల్లుల మొత్తానికీ ఖాతాదారుల లెడ్జర్‌కీ కొన్ని పైసలు తేడా. తేడా ఉన్న ఒక పెద్ద బిల్లు తీసి, అందులోని లైన్లు ఒక్కొక్కటే తీసేస్తూ పోయాడు. చివరికి రెండు లైన్లు మిగిలాయి. తేడా ఇంకా ఉంది. ఒక్క లైనే ఉంచితే మాయమైంది. అతని పని ముప్పావు వంతు ఇక్కడే అయిపోయింది.

అప్పుడు రాసిన ఈమెయిలుకు శీర్షిక: ‘ఒకే బిల్లులో రెండు లైన్లుంటే బిల్లు మొత్తం, లెడ్జర్ మొత్తం కలవడం లేదు’. లోపల ముందుగా సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు. తర్వాత ఇలా:

‘1. కొత్తగా ఖాళీ కంపెనీ తెరవండి. 2. 18 శాతం జీఎస్టీ ఉన్న సరుకు ఒకటి, ధర రూ.10.50గా పెట్టండి. 3. ఇదే రాష్ట్రంలోని ఖాతాదారుకు అప్పు బిల్లు వేసి, ఆ సరుకును ఒక్కోటి చొప్పున రెండు లైన్లలో రాయండి. 4. బిల్లు ప్రింటు తీసి, ఖాతాదారు లెడ్జర్ చూడండి.

రావలసింది: రెండు చోట్లా ఒకే మొత్తం. వస్తున్నది: బిల్లులో రూ.24.80, లెడ్జర్‌లో రూ.24.78. ఎన్నిసార్లు చేసినా ఇంతే. అదే సరుకు ఒకే లైన్లో రెండు అని రాస్తే తేడా లేదు.’

ఆ చివరి వాక్యం ప్రోగ్రామర్‌కు తాళంచెవి. రూ.10.50 మీద 9 శాతం సీజీఎస్టీ 94.5 పైసలు. లైను లైనుకూ సవరిస్తే 95, రెంటికీ రూ.1.90. ముందు మొత్తం కట్టి రూ.21 మీద లెక్కేస్తే రూ.1.89. ఎస్‌జీఎస్టీలోనూ అదే పైసా తేడా. ప్రింటు ఒక పద్ధతినీ, లెడ్జర్ మరో పద్ధతినీ పాటిస్తున్నాయన్నమాట. అకౌంటెంట్ ఇది పసిగట్టినా ‘నా అనుమానం’ అని విడిగా, అడుగున రాయాలి. ఊహ తప్పయినా పైన చెప్పిన అంకెలు చెడవు.

‘చట్టం ఎలాగూ పన్నును రూపాయికి సవరించమంటుంది కదా’ అని కంపెనీ తప్పించుకోజూడవచ్చు. సీజీఎస్టీ చట్టం 170వ సెక్షన్ చెప్పేది అదే, 50 పైసలూ ఆపైన ఉంటే పై రూపాయికి. అయితే ఇక్కడి ఫిర్యాదు పన్ను మీద కాదు. ఒకే సాఫ్ట్‌వేర్ ఒకే బిల్లుకు రెండు మొత్తాలు చెప్పడం మీద. అందుకే ‘రావలసింది’ దగ్గర ఫలానా అంకె అనకుండా, రెండూ కలవాలని మాత్రమే అతను రాశాడు.

జతచేసింది ఆ ఖాళీ కంపెనీ బ్యాకప్ మాత్రమే. దుకాణం అసలు లెక్కలు పంపితే ఖాతాదారుల జీఎస్టీ నంబర్లు, బాకీలు అన్నీ బయటి చేతుల్లో పడతాయి. అప్పటిదాకా తేడాను రౌండాఫ్ ఎంట్రీతో సర్దుతున్నామని కూడా ఒక ముక్క రాశాడు. పని ఆగిపోలేదని, రోజూ చేత్తో దిద్దుకోవలసి వస్తోందని దాన్నిబట్టి కంపెనీకి తెలుస్తుంది.